ఈస్టు ద్రావణానికి నీటి వేడి: బెల్లపు నీటితో బ్రెడ్ చేసేటప్పుడు పాటించవలసిన లెక్క

అనకాపల్లి బెల్లానికి పేరొందిన ప్రాంతం. ఇక్కడ చక్కెరకు బదులు బెల్లంతో బ్రెడ్ తయారు చేసేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. బెల్లంలోని నలకలను తొలగించడానికి దానిని మరిగిన నీటిలో కరిగించి వడకట్టాలి. ఆ నీరు చల్లారకముందే డ్రై ఈస్టు కలిపితే పిండి పొంగదు.

డ్రై ఈస్టు గుళికలలో ఉన్నవి ఎండి, నిద్రాణస్థితిలో ఉన్న సజీవ కణాలు. ఎండినప్పుడు వాటి కణత్వచం బిగుసుకొని ఉంటుంది. 38 నుండి 43 డిగ్రీల సెల్సియస్ నీటిలో అది క్రమంగా సడలి, నీటిని పీల్చుకొని పూర్వస్థితికి వస్తుంది. నీరు మరీ చల్లగా ఉంటే త్వచం సరిగా సర్దుకోక, కణంలోని పదార్థాలు బయటికి కారిపోతాయి. వాటిలోని గ్లూటాథయోన్ పిండిలోని గ్లూటెన్‌ను బలహీనపరచి, ముద్దను జిగురుగా మారుస్తుంది.

వేడి ఎక్కువైతే కలిగే నష్టం వేరు. చక్కెరను కార్బన్ డయాక్సైడుగా, ఆల్కహాలుగా మార్చే ఎంజైములు ప్రోటీన్లే. ఉడికిన గుడ్డు తెల్లసొన తిరిగి ద్రవం కానట్లే, వేడికి ఆకృతి చెడిన ఈ ప్రోటీన్లు మళ్ళీ పనిచేయవు. కణత్వచం కూడా దెబ్బతింటుంది. 45 డిగ్రీలు దాటినప్పటి నుండి ఈస్టు బలహీనపడుతుంది. 55 నుండి 60 డిగ్రీల మధ్య కొద్ది నిమిషాలలోనే చాలావరకు చనిపోతుంది. ఆ తరువాత నీటిని చల్లార్చినా ప్రయోజనం ఉండదు.

ఉష్ణమాపకం లేనిచోట వేడినీరు, చన్నీరు సమంగా కలపడం పరిపాటి. 100 డిగ్రీల నీటికి 30 డిగ్రీల నీటిని సమంగా కలిపితే మిశ్రమం 65 డిగ్రీలవుతుంది. బెల్లం కరిగి, వడకట్టేసరికి వేడినీరు 80 డిగ్రీలకు దిగినా మిశ్రమం 55 డిగ్రీల వద్ద ఉంటుంది. రెండు సందర్భాలలోనూ ఈస్టుకు ముప్పే.

దీనికి బదులు, ఒక చెంచా బెల్లాన్ని 30 మిల్లీలీటర్ల మరిగిన నీటిలో కరిగించి, వడకట్టి, 30 డిగ్రీల వద్దనున్న 180 మిల్లీలీటర్ల నీటిని కలపాలి. ఒకటికి ఆరు పాళ్ళ ఈ మిశ్రమం లెక్క ప్రకారం 40 డిగ్రీలు. మధ్యలో వేడినీరు 80 డిగ్రీలకు చల్లారినా 37 డిగ్రీలు ఉంటుంది. ఇదీ ఈస్టుకు అనుకూలమే. చలికాలంలో నీరు 25 డిగ్రీలుంటే ఒకటికి నాలుగు పాళ్ళు, ఎండకాలంలో మేడపై తొట్టి నీరు 35 డిగ్రీలుంటే ఒకటికి పన్నెండు పాళ్ళు కలపాలి. ఏ కాలంలోనైనా రెండు నీళ్ళు కలిపిన తరువాతే ఈస్టు వేయాలి.

పది నిమిషాలలో ద్రావణంపై నురుగు తేలితే ఈస్టు సజీవంగా ఉన్నట్లు. నురుగు రాకపోతే దానిని పిండిలో కలపరాదు. అదే పొట్లంలోని చిటికెడు ఈస్టును, కొద్దిగా చక్కెర కలిపిన గోరువెచ్చని నీటిలో వేసి చూడాలి. అక్కడ నురుగు వస్తే లోపం నీటి వేడిది. అక్కడా రాకపోతే ఈస్టు పాతబడినదని గ్రహించాలి. నేరుగా పిండిలో కలిపే ఇన్‌స్టంట్ ఈస్టుకు ఈ నానబెట్టే దశ అవసరం లేదు. అయితే పిండి తడిపే నీరు మరీ వేడిగా ఉంటే దానికీ ఇదే నష్టం తప్పదు.