రిటైరైన బ్యాండ్ మాస్టారు రాసే సిఫారసు

అమెరికా సంగీత కళాశాలలు ఫ్లూట్ విద్యార్థి వాయిద్యాన్ని ఆడిషన్‌లో స్వయంగా వింటాయి. అందుకే సిఫారసు లేఖలో "అద్భుతంగా వాయిస్తుంది" అన్న మాటకు పెద్ద విలువ ఉండదు. ఆ పది, పదిహేను నిమిషాల్లో వినపడనిది చెప్పగలిగేది హైస్కూల్ బ్యాండ్ మాస్టారే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. విద్యార్థిని షామినాడ్ 'కన్సర్టీనో' నేర్చుకుంటోంది. 1902లో పారిస్ కన్సర్వేటరీ పరీక్ష కోసం రాసిన రచన అది. ఫ్లూట్‌లో గాలి నెమ్మదిస్తే శ్రుతి దిగుతుంది. పొడవైన స్వరాన్ని సన్నగా ముగించేటప్పుడు ఆ అమ్మాయికి ప్రతిసారీ అదే జరిగేది. పెదవుల మధ్య సందు చిన్నది చేసి, గాలి వేగం తగ్గకుండా, ఊదే దిశను కాస్త పైకి మార్చడం సాధన చేసింది. కొన్ని నెలలకు శ్రుతి నిలబడింది. తర్వాత బ్యాండ్‌లో పక్క ఫ్లూట్‌ల శ్రుతిని విని తనే సర్దుకోసాగింది.

లేఖకు ప్రాణం ఈ పేరానే. లోపమేమిటో, దాన్ని ఎలా దిద్దుకుందో, ఎంత కాలం పట్టిందో ఇందులో ఉన్నాయి. బోధన ఆమెపై ఎలా పనిచేస్తుందో కళాశాల అధ్యాపకులకు దీన్నిబట్టి అర్థమవుతుంది.

రిటైరైన మాస్టారు మరో జాగ్రత్త తీసుకోవాలి. ఏ సంవత్సరాల్లో నేర్పారో, పదవీ విరమణ తర్వాత ఆమె వాయిద్యం ఎప్పుడు విన్నారో విడివిడిగా రాయాలి. ఈమధ్య వినకపోతే ఇప్పటి స్థాయిపై తీర్పు ఇవ్వకూడదు. ఆ లేఖ ప్రస్తుత ఉపాధ్యాయులు రాయాలి. సాధారణంగా లేఖను విద్యార్థి చేతికివ్వకుండా నేరుగా కళాశాలకే పంపుతారు.