వార్తల్లో పదం: మార్పుల పట్టిక

ఒకే పత్రం పాత, కొత్త ప్రతులను లేదా వాటి ఫొటోలను పోల్చి, తేడాలను షరతు సంఖ్య, పాత పాఠం, కొత్త పాఠం అనే గడుల్లో నమోదు చేసేదే మార్పుల పట్టిక. పోలికకు పుటలు కాక షరతులే ఆధారం కావాలి. ఎందుకంటే అద్దె ఒప్పందంలో 5వ షరతు కొత్తగా చేరితే, పాత 7వ షరతు 8వదిగా మారి, అందులోని ‘3 నెలల నోటీసు’ ‘1 నెల’ అయిన సంగతి సంఖ్యల జరుగుబాటు మాటున దాగిపోతుంది. అప్పుడు పట్టికలో ఒక చేరిక, ఒక సవరణ మాత్రమే ఉండాలి. సంఖ్య మారిన ప్రతి షరతునూ ఎక్కిస్తే అసలు మార్పు మరుగున పడుతుంది. కాగితం మడతలో దశాంశ బిందువు చెరిగితే 7.5 శాతం ఫొటోలో 75గా కనిపించవచ్చు గనుక, అలాంటి చోట ఊహించి రాయక ‘అస్పష్టం’ అని గుర్తించి, మూలప్రతితో సరిచూడాలి. ఫొటో తీయని పుటలోని షరతును ‘తొలగింపు’గా రాయడం తప్పు.