నాలుగు కాగితాల సందు

కంసాలి గొలుసు చేసేటప్పుడు తీగను చుట్టి, కత్తిరించి, ఒక కడియాన్ని మరో దానిలో దూర్చి, మూతి దగ్గర టంకం పెట్టి అతుకుతాడు. కడియాలు ముందు విడివిడిగా పుడతాయి, తర్వాత కలుస్తాయి. త్రీడీ ప్రింటర్ మీద గొలుసు పుట్టే తీరు దీనికి తలకిందులు. కడియాలన్నీ ఒకదానిలో ఒకటి దూరిన స్థితిలోనే, అడుగు నుంచి పైకి, పొర మీద పొరగా ఒకేసారి పెరుగుతాయి. మడతబందు కూడా అంతే. దాని చీలను బయటి నుంచి దూర్చే పనిలేదు, అది గూటిలోనే పుడుతుంది. ఈ పద్ధతిని ప్రింట్ ఇన్ ప్లేస్ అంటారు.

ఇందులో ఉన్న చిక్కల్లా ప్లాస్టిక్ స్వభావమే. ఇక్కడ లోహమూ అదే, టంకమూ అదే. దాదాపు 210 డిగ్రీల వేడితో నాజిల్ నుంచి వచ్చే తీగ దేన్ని తాకితే దానికి అంటుకుంటుంది. అలా అంటుకోబట్టే పొరలన్నీ కలిసి ఒక వస్తువవుతాయి. అదే పదార్థంతో, ఒకదాన్నొకటి తాకకూడని రెండు గోడల్ని పక్కపక్కనే కట్టాలి. సందు తక్కువైతే రెండూ కలిసి ఒకే ముద్ద అవుతాయి. ఎక్కువైతే కీలు గిలకలా ఊగుతుంది. ఎంత వదలాలన్నది నేను మా అమ్మ మందుల పెట్టె చేస్తూ నేర్చుకున్నాను.

పెట్టె, మూత పక్కపక్కన తెరిచిపెట్టినట్టు ప్రింటవుతాయి, మధ్యలో మడతబందు ఉంటుంది. నాలుగు మిల్లీమీటర్ల చీల, దాని చుట్టూ 4.6 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టాను. 0.6 సందు ఉంది కదా, చాలనుకున్నాను. ప్రింటు చల్లారాక మూత ఎత్తబోతే బందు కదల్లేదు. గట్టిగా తిప్పితే చీల మొదలంటా విరిగింది.

మొదటి తప్పు లెక్కలోనే ఉంది. రంధ్రం వ్యాసంలోంచి చీల వ్యాసం తీసేస్తే వచ్చే 0.6 రెండు వైపులకూ కలిపిన సందు. ఒక్కో వైపు మిగిలింది 0.3 మాత్రమే. ఎవరైనా 0.4 వదలమని చెబితే అది ఒక వైపుదా, రెండు వైపులదా అని అడిగి తీరాలి. ఈ వ్యాసంలో ఇకపై చెప్పే అంకెలన్నీ ఒక్కో వైపువి.

ఆ 0.3 అయినా ఎందుకు చాలలేదు? జంతికల గొట్టం లోంచి వచ్చే పిండిని గుర్తు తెచ్చుకోండి. గొట్టాన్ని పళ్ళేనికి ఆనించి వత్తితే పిండి రంధ్రం కన్నా వెడల్పుగా పరుచుకుంటుంది. 0.4 నాజిల్ నుంచి వచ్చే తీగ కూడా అలాగే 0.45 వెడల్పున, 0.2 ఎత్తున నలిగి పడుతుంది. ఆ వెడల్పును స్లైసర్ ముందే లెక్కలో వేసుకుంటుంది. కానీ ప్లాస్టిక్ కొంచెం ఎక్కువ వచ్చినా, వేడి కొంచెం పెరిగినా తీగ అంచు గీత దాటుతుంది. ఒక్కో గోడ 0.05 నుంచి 0.1 దాకా ముందుకు ఉబ్బడం మామూలే. రెండు గోడలు ఎదురెదురుగా ఉబ్బితే 0.2 సందు అక్కడక్కడా పూర్తిగా పోతుంది. మామూలు జిరాక్స్ కాగితం మందం 0.1 మిల్లీమీటరు. 0.4 నాజిల్, పీఎల్‌ఏ ప్లాస్టిక్ అయితే మొదటి ప్రయత్నానికి నాలుగు కాగితాల సందు, అంటే 0.4 పెట్టుకోవడం క్షేమం.

అయినా నా బందు పక్క గోడల దగ్గర అతుక్కోలేదు. ఆ సంగతి దాన్ని కోస్తే గానీ తెలియలేదు. బిగుసుకుపోయిన కీలును పారేయకండి. సన్నపళ్ళ రంపంతో అడ్డంగా కోసి వెలుతురులో పెట్టి చూడండి, ఎక్కడ అతికిందో కనిపిస్తుంది. నా బందులో పైనా, పక్కలా నల్లటి గీతలా సందు స్పష్టంగా ఉంది. చీల అడుగున మాత్రం గీత మాయమైంది.

చీల పడుకుని ఉంది. దాని అడుగు పొర గాలిలో పడాలి, కింద ఆసరా ఏమీ లేదు. ప్రింటర్ అక్కడ ఒక వైపు నుంచి మరో వైపుకు తీగను వంతెనలా లాగుతుంది. వంతెన కొంత కుంగడం సహజం. అలా కుంగిన తీగ కిందనున్న గూటి అడుగుకు తగిలి అతికింది. పైగా నిలువు సందుకు మరో నియమం ఉంది. పొర మందం 0.2 అయితే నిలువున 0.3 సందు అనేది ఉండదు, ఖాళీ పొర ఒకటైనా ఉంటుంది, రెండైనా ఉంటాయి. ఏది దక్కుతుందో పొర గీత ఎక్కడ పడిందన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే నిలువు సందును పొర మందానికి సరిగ్గా రెట్టింపు గానో, మూడింతలు గానో పెట్టాలి.

కేవలం సందు పెంచితే కుంగడం ఆగదు, చీల ఆకారమే మారాలి. రెండోసారి గుండ్రటి చీల తీసేసి, బందు కణుపుల పక్క గోడల మీద శంకువులు పెట్టాను. అడుగు వ్యాసం ఐదు, పొడవు రెండున్నర మిల్లీమీటర్లు, వాలు 45 డిగ్రీలు. ఎదుటి కణుపులో అదే ఆకారపు గుంట ఉంటుంది. శంకువు అడుగు భాగంలో ప్రతి పొరా కింది పొర కన్నా కొద్దిగా ముందుకు వస్తుంది, గోడను పట్టుకునే పెరుగుతుంది. గాలిలో వంతెన కట్టే అవసరమే లేదు. బందు రెండున్నర మిల్లీమీటర్లు పక్కకు జరిగితే తప్ప ఊడదు కాబట్టి బలానికీ లోటు లేదు.

శంకువుకూ గుంటకూ మధ్య 0.4 వదిలాను. ప్రింటు చల్లారాక మూతను, పెట్టెను రెండు చేతులతో పట్టుకుని కొద్దిగా అటూ ఇటూ ఆడించాను. "టిక్" మని రెండు మూడు చిన్న చప్పుళ్ళు వచ్చి బందు తిరిగింది. ఆ చప్పుడు శుభసూచకం. చుక్కల్లా అంటిన చోట్లు విడిపోతున్నాయని దాని అర్థం. చప్పుడు లేకుండా, రబ్బరులా వంగుతూ ఎదురు తిరిగితే పొడుగునా అతికినట్టు. బలం పెంచితే విరిగేది కీలే.

బందు తిరిగినా రెండు లోపాలు మిగిలాయి. ఒకటి, మొదటి కదలికకు కావలసినదాని కన్నా ఎక్కువ బలం పట్టింది. తిరగేసి చూస్తే కణుపుల మధ్య, సరిగ్గా బెడ్‌కు ఆనిన చోట, సన్నని పొర తెగిన ఆనవాలు ఉంది. మొదటి పొర బెడ్‌కు అంటుకోవడానికి ప్రింటర్ దాన్ని గట్టిగా అదుముతుంది. అది ఏనుగు పాదంలా వెడల్పుగా పరుచుకుని పక్క కణుపును తాకుతుంది. స్లైసర్‌లో Elephant foot compensation అనే చోట మొదటి పొరను 0.2 లోపలికి జరపవచ్చు. నేను డిజైన్‌లోనే కణుపుల అడుగు అంచులను 0.4 మేర ఏటవాలుగా చెక్కాను. ఫైలు వేరే ప్రింటర్‌కు వెళ్ళినా ఆ చెక్కుడు దానితోనే వెళుతుంది.

రెండోది, మూత ఊగడం. ఒక్కో వైపు 0.4 ఉంటే మూత మొత్తంగా పక్కలకు 0.8 జరుగుతుంది. దాంతో ముందున్న గొళ్ళెం సరిగా కలవలేదు. సందును 0.3కు తగ్గిస్తే చాలనుకున్నాను. పొర 0.2గానే ఉంచి చేస్తే బందు మళ్ళీ బిగుసుకుంది.

దీనికి కారణం కాగితం మీద బొమ్మ గీశాకే అర్థమైంది. ప్రింటర్‌కు ఏటవాలు గోడ తెలియదు, అది మెట్లు కడుతుంది. 45 డిగ్రీల వాలులో 0.2 ఎత్తున్న ప్రతి మెట్టూ 0.2 ముందుకు వస్తుంది. శంకువు మెట్టుకూ, అదే ఎత్తులో ఉన్న గుంట మెట్టుకూ మధ్య 0.3 ఉన్నమాట నిజమే. కానీ గుంటలో ఒక పొర కిందనున్న మెట్టు 0.2 దగ్గరగా ఉంటుంది. అంటే మిగిలింది 0.1, ఒక్క కాగితం. పై మెట్టు అంచు కాస్త వాలినా దాని మీద ఆనుతుంది. అదే పొర మందం 0.12 చేస్తే మెట్టు కూడా 0.12 అవుతుంది, కింది మెట్టుతో 0.18 దూరం మిగులుతుంది. ఈ మార్పుతో 0.3 సందున్న బందు రెండు వేళ్ళతో తిప్పగానే విడిపోయింది, మూత నిలకడగా కూర్చుంది. వాలు కీళ్ళలో సందు తగ్గించాలంటే ముందు పొర మందం తగ్గించాలి.

సందులోకి దొంగతనంగా చేరేవి మరికొన్ని ఉన్నాయి. ప్రతి పొర గీతా మొదలై ముగిసే చోట చిన్న మొటిమ ఏర్పడుతుంది. Seam position దగ్గర Random పెడితే ఆ మొటిమలు కీలంతటా చెల్లాచెదురవుతాయి. వాటిని కీలుకు దూరంగా, వెనక మూలకు తోయాలి. ఆటోమేటిక్ సపోర్టులు వేసి ఉంచితే స్లైసర్ సందులోనే ఆసరాలు కడుతుంది, అవి మళ్ళీ బయటికి రావు. ఇక మరీ సన్నని సందును స్లైసరే పూడ్చేస్తుంది. ప్రూసాస్లైసర్‌లో Slice gap closing radius మామూలుగా 0.049 ఉంటుంది, దాంతో సుమారు 0.1 కన్నా సన్నని చీలికలు మూసుకుపోతాయి. ప్రింటు మొదలుపెట్టే ముందు ప్రివ్యూలో కీలు దగ్గర పొరలను ఒక్కొక్కటిగా పైకి జరుపుతూ చూస్తే ఇవన్నీ ముందే దొరుకుతాయి. మొటిమల చోట్లు కూడా అక్కడే గుర్తులతో కనిపిస్తాయి.

గొలుసుకూ ఇవే లెక్కలు. అదనంగా గుర్తుంచుకోవలసింది ఒక్కటే. ప్రతి కడియం అడుగూ చదునుగా బెడ్‌ను తాకాలి. తాకని కడియం గాలిలో పుట్టి, కింది దాని మీద పడి అతుకుతుంది.

నా అంకెలు మీ యంత్రానికి సరిపోతాయని హామీ లేదు. నాజిల్ 0.6 అయితే, పీఎల్‌ఏ బదులు దారాలు సాగే పీఈటీజీ వాడితే 0.5తో మొదలుపెట్టడం మేలు. పూర్తి వస్తువు చేసే ముందు ఒక పట్టీ ప్రింటు చేయండి. పట్టీలో నాలుగు రంధ్రాలు, ఒక్కో దానిలో నడుము ఉబ్బిన చిన్న బిళ్ళ, చుట్టూ సందు వరుసగా 0.2, 0.3, 0.4, 0.5. అసలు వస్తువుకు వాడబోయే ప్లాస్టిక్, పొర మందం, వేడి దీనికీ వాడాలి. ముందుగా 0.5 బిళ్ళను తిప్పి, అక్కడి నుంచి కిందికి రండి. వేళ్ళతో తిరిగిన చివరి బిళ్ళే మీ యంత్రం హద్దు. పక్క సందుల వరకు ఈ పట్టీ చెబుతుంది, ఏటవాలు మెట్ల లెక్క మాత్రం మీరే వేసుకోవాలి.

నా పట్టీలో 0.2 బిళ్ళ ఈ రోజుకీ తిరగలేదు. దాన్ని ప్రింటర్ పక్కనే మేకుకు వేలాడదీశాను. కొత్త కీలు గీసే ముందు ఓసారి ఆ బిళ్ళ మీద వేలు పెట్టి చూస్తాను. అమ్మ పెట్టె మాత్రం రోజూ ఉదయం, రాత్రి తెరుచుకుంటోంది.