వానకు ముందే చూడాల్సిన పనులు

హైదరాబాద్‌లో నైరుతి వానలు మామూలుగా జూన్ రెండో వారంలో మొదలవుతాయి. అపార్ట్‌మెంటు నిర్వహణకు క్యాలెండర్ వేసుకునేవాళ్ళు ఆ వారం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటే మంచిది. ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు, పదేళ్ళ వయసున్న భవనం ఒకటి తీసుకుందాం. అక్కడ ముందు మొదలుపెట్టాల్సిన పని టెర్రస్ మీదే. పైనుంచి దిగిన నీరే లిఫ్ట్ మెషిన్ రూమునూ, గోడల్లోని వైరింగునూ పాడుచేస్తుంది.

స్లాబు ఎక్కడ కారుతోందో తెలియకుండా టెర్రస్ అంతా కోటింగ్ వేయిస్తే డబ్బు దండగ. ఏప్రిల్ మొదట్లో వాననీటి పైపుల మూతులు గట్టిగా మూసి, టెర్రస్ మీద అంగుళం ఎత్తున నీళ్ళు నిలపాలి. రెండు రోజులు అలాగే ఉంచాలి. ఎండకు కొంత ఆవిరవుతుంది కాబట్టి మట్టం తగ్గినంత మాత్రాన లీకు ఉన్నట్టు కాదు. పై అంతస్తు ఫ్లాట్ల సీలింగులో చెమ్మ కనిపిస్తే మాత్రం అనుమానమే లేదు. అది ఎక్కువగా పిట్టగోడ స్లాబును కలిసే మూలలోనో, పైపు స్లాబులోంచి దిగేచోటో, ట్యాంకు దిమ్మెల చుట్టూనో దొరుకుతుంది. అక్కడ పగులును కాస్త వెడల్పుగా చెక్కి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో నింపి, పైన ఫైబర్ మెష్ పరిచి కోటింగ్ వెయ్యాలి. మొదటి పూత ఆరాక రెండోది దానికి అడ్డంగా వెయ్యాలి. స్లాబులో తడి ఉండగా వేస్తే ఎండకు ఆవిరి పైకి తన్ని పూత బుడగలు తేలుతుంది. నీళ్ళు తీసేశాక స్లాబు బాగా ఆరడానికి ఎండ రోజులు కావాలి. మే ఆఖర్లో మొదలుపెడితే ఆ రోజులు దొరకవు.

ట్యాంకులు ఆరు నెలలకోసారి, మేలోనూ నవంబర్‌లోనూ కడగాలి. ముందు సంపు, తర్వాత ఓవర్‌హెడ్ ట్యాంకు. వరస తప్పితే సంపులోని మడ్డిని మోటారు మళ్ళీ పైకెక్కిస్తుంది. మోటారు కరెంటు పూర్తిగా తీసేసి, మూతలు తెరిచి చాలాసేపు గాలి ఆడనిచ్చాకే మనిషి దిగాలి. పైన ఇంకొకరు కనిపెట్టుకుని ఉండాలి. ఈ విషయంలో తొందర ప్రాణాలు తీస్తుంది.

రుద్ది కడగడంతో పని అయిపోదు. పదివేల లీటర్ల ట్యాంకును నీళ్ళతో నింపి, లీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున క్లోరిన్ పట్టించాలంటే అరకిలో క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ నాలుగో వంతు ఉందనుకుంటే రెండు కిలోల పౌడర్ పడుతుంది. పాతబడి గాలి తగిలిన పౌడర్‌లో అంత ఉండదు. బకెట్లో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పొయ్యాలి. ప్రతి ఫ్లాట్‌లో కుళాయి తిప్పి ఆ వాసన వచ్చేదాకా నీళ్ళు వదిలితే పైపులు కూడా శుద్ధవుతాయి. రాత్రంతా ఉంచి పొద్దున ఖాళీ చెయ్యాలి. ఆ నీళ్ళు తాగకూడదని, వాడకూడదని ముందురోజే ఇంటింటికీ చెప్పాలి. తర్వాత మామూలు రోజుల్లో కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. చిన్న క్లోరోస్కోప్ కిట్‌తో వాచ్‌మనైనా చూడగలడు.

కడిగిన రోజే ఓవర్‌ఫ్లో పైపు మూతికి సన్నటి జాలీ బిగించాలి. డెంగీ దోమ గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో దోమై ఎగురుతుంది. అందుకే మూతలు, కుండీలు వారానికోసారి చూడాలి. బొద్దింకలకు డక్టుల్లో జెల్ మూడు నెలలకోసారి చాలు. ఎలుకలకు మందుకంటే కేబుళ్ళు గోడలోకి వెళ్ళే కంతలు పూడ్చడమే గట్టి మందు.

వైరింగులో నాకు ఎక్కువ భయం మీటర్ల బోర్డులోని న్యూట్రల్ గురించి. మూడు ఫేజులు వచ్చే భవనంలో ఆ బోల్టు వదులైతే కొన్ని ఫ్లాట్లకు 230 వోల్టుల బదులు 400కు దగ్గరగా వెళ్ళవచ్చు. ఒక ఇంట్లో బల్బులు మసకబారి, పక్కింట్లో మండిపోయేలా వెలిగితే గుర్తు అదే. వెంటనే మెయిన్ ఆపించాలి. ఏడాదికోసారి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత, సరఫరా నిలిపి, బోల్టులన్నీ బిగించాలి. ఎర్త్ పిట్ రెసిస్టెన్స్ కూడా వేసవిలోనే కొలిపించాలి. నేల ఎండినప్పుడు సరిపోయిన ఎర్తు ఏడాదంతా సరిపోతుంది.

లిఫ్ట్ మెకానిక్ నెలనెలా వచ్చినప్పుడు అసోసియేషన్ తరఫున ఒకరు పక్కనుండాలి. గడప దగ్గర లిఫ్ట్ నేల ఎత్తుపల్లాలుగా ఆగుతుంటే బ్రేకు చూడమని అడగండి. మనుషులు లేని లిఫ్ట్‌ను అంతస్తుల మధ్య ఉండగా కరెంటు తీయించి, రెస్క్యూ బ్యాటరీతో దగ్గరి అంతస్తుకు చేరి తలుపు తెరుచుకుంటోందో లేదో చూపించమనండి. లిఫ్ట్ గుంతలో చెమ్మ ఉంటే వానలకు ముందే ఆపించండి. ఇవి చూశాకే సర్వీసు కాగితం మీద సంతకం పెట్టండి.