పిల్లల పాటలు వదలని యూట్యూబ్

తాతయ్య ఫోన్‌లో మనవరాలు వారం రోజులు పిల్లల పాటలు చూసి వెళ్లింది. ఇక ఆయన యూట్యూబ్ తెరిస్తే ఏనుగులు, కోతులే. బ్రౌజర్ హిస్టరీ చెరిపినా పోలేదు. పోదు మరి! లాగిన్ అయి చూసిన వీడియోల జాబితా ఫోన్‌లో కాదు, గూగుల్ ఖాతాలో ఉంటుంది. వెతికిన మాటలూ అక్కడే, కానీ విడి జాబితాగా.

యూట్యూబ్ హిస్టరీలోకి వెళ్లి ఆ పాటలు మాత్రం తీసేస్తే చాలు, సిఫార్సులు సర్దుకుంటాయి. ఆమె వెతికిన మాటలుంటే అవీ తీసేయాలి. మొత్తం తుడిచేస్తే ఆయన ఘంటసాల పాటల జాడ కూడా పోతుంది. చూసినవాటి నమోదు కూడా ఆపేస్తే హోమ్ పేజీ దాదాపు ఖాళీ అవుతుంది. ఎన్ని చెరిపినా లైకులు, సబ్‌స్క్రిప్షన్లు మిగులుతాయి. ఆమె నొక్కిన లైకులను విడిగా వెనక్కి తీసుకోవాలి.