కత్తిరిస్తే తగ్గిన కళ

మా పిన్ని కూతురికి సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఫొటో దగ్గర ఇంట్లో పెద్ద పేచీ వచ్చింది. స్టూడియోలో తీయించింది ఎవరికీ నచ్చలేదు. స్నేహితురాలి పెళ్లిలో నలుగురు ఆడపిల్లలు భుజాల మీద చేతులు వేసుకుని దిగిన ఫొటో మాత్రం అందరికీ నచ్చింది. "ఇందులో కళగా ఉంది, ఇదే పంపుదాం" అంది పిన్ని. నలుగురిలో పిల్ల ఎవరో అవతలివాళ్లకు ఎలా తెలుస్తుందని మా తమ్ముడు ఆ పిల్ల వరకు కత్తిరించాడు. భుజం మీద ఎవరివో నాలుగు వేళ్లు మిగిలిపోయాయి. పిన్ని కళ్లజోడు సవరించుకుని చూసి, "అదేవిట్రా, ఇందాకటి కళ లేదే? ఏం చేశావ్?" అంది.

వాడేమీ చేయలేదు. మొహం అదే, నవ్వు అదే, వెలుతురు అదే. పక్కవాళ్లు పోయారంతే.

అమెరికాలోని శాన్‌డియాగోలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డ్రూ వాకర్, ఎడ్వర్డ్ వుల్ అనే మనస్తత్వ పరిశోధకులు ప్రయోగం పేరుతో చేసింది దాదాపు మా తమ్ముడి పనే. ముగ్గురేసి ఉన్న గ్రూప్ ఫొటోలు తీసుకున్నారు. ఒక్కో మొహాన్నీ విద్యార్థులకు రెండుసార్లు చూపించారు. ఒకసారి పక్కవాళ్లతో కలిపి, ఇంకోసారి అదే ఫొటోలోంచి ఆ మొహం వరకే కత్తిరించి. ప్రతిసారీ ఈ మనిషి ఎంత అందంగా ఉన్నారో తెర మీద ఒక గీత వెంట జరిపి చెప్పమన్నారు. ఒకే మొహం రెండుసార్లు వస్తోందని పట్టుకోలేనన్ని ఫొటోలు మధ్యలో ఉంటాయి. లెక్క తేల్చి చూస్తే, పక్కన మనుషులున్నప్పుడు అదే మొహానికి కాస్త ఎక్కువ మార్కులు పడ్డాయి. ఆడవాళ్ల మొహాలకూ పడ్డాయి, మగవాళ్ల మొహాలకూ పడ్డాయి. ఈ ఫలితాలు 2014లో అచ్చయ్యాయి.

ఒకే ఫొటోను కత్తిరించి వాడడంలోనే ఈ ప్రయోగం తెలివంతా ఉంది. నలుగురిలో ఉన్నప్పుడు ఎవరైనా ఎక్కువగా నవ్వుతారు, బిగుసుకుపోకుండా నిలబడతారు. అందువల్ల కూడా గ్రూప్ ఫొటోలో బాగా పడతారు. కానీ ఇక్కడ రెండు బొమ్మల్లోనూ ఉన్నది ఒకే నవ్వు. కాబట్టి తేడా ఫొటో దిగినవాళ్లలో లేదు, చూసేవాళ్ల కంట్లోనే ఉంది.

దీనికి ఒక టీవీ హాస్య ధారావాహిక వల్ల పేరొచ్చింది. 'హౌ ఐ మెట్ యువర్ మదర్' 2008 నాటి ఎపిసోడ్‌లో బార్నీ అనే పాత్ర, అమ్మాయిలు గుంపుగా ఉంటే అందంగా కనిపిస్తారని, ఒక్కొక్కరినీ విడిగా చూస్తే ఏమీ ఉండదని వెటకారంగా అంటాడు. ఆటల పోటీల్లో గుంపుగా గంతులేసే చీర్‌లీడర్ల పేరు పెట్టి దీన్ని 'చీర్‌లీడర్ ఎఫెక్ట్' అంటాడు. శాస్త్రవేత్తలు కూడా ఆ పేరునే వాడుకుంటున్నారు. అయితే ఆ పాత్ర ఎకసెక్కెం ఆడవాళ్ల గురించి, ప్రయోగం మాత్రం మగవాళ్లనూ కలిపేసింది.

ఇంతకీ ఎందుకిలా? వాకర్, వుల్ ఇచ్చిన వివరణ మామిడికాయల బుట్ట దగ్గర మొదలుపెడితే సులువుగా అర్థమవుతుంది. ఆవకాయ రోజుల్లో బజారుకెళ్తే కుప్పలోని ఒక్కో కాయనూ కొలవం. దూరం నుంచి ఒక్క చూపు చూసి, "ఈ కుప్ప కాయ కాస్త పెద్దది" అనేస్తాం. అంటే కన్ను విడి కాయల కంటే ముందు కుప్ప సగటును పట్టుకుంది. మనం అడగకుండానే, తెలియకుండానే చేస్తుందీ పని. ఆ సగటు అక్కడితో ఊరుకోదు. తర్వాత ఒక్క కాయ గురించి అడిగితే, మన జవాబును తన వైపు కొద్దిగా లాగుతుంది. 2011లో తిమోతీ బ్రేడీ, జార్జ్ అల్వారెజ్ అనేవాళ్లు దీన్ని రంగు వలయాలతో చూపించారు. తెర మీద రకరకాల సైజుల వలయాలు కాసేపు చూపి, తీసేసి, ఫలానా వలయం ఎంత ఉందో చెప్పమంటే, చూసినవాళ్లు దాన్ని అదే రంగు వలయాల సగటుకు దగ్గరగా గుర్తుపెట్టుకున్నారు. పెద్దవాటి మధ్య ఉన్నది అసలు కంటే పెద్దదిగా, చిన్నవాటి మధ్య ఉన్నది అసలు కంటే చిన్నదిగా గుర్తుండిపోయింది.

కాయల సగటు తెలిసింది. మొహాల సగటు ఎలా ఉంటుంది? అందంగా ఉంటుంది. వినడానికి విడ్డూరమే. మన వాడుకలో సగటు అంటే సాదాసీదా అని. కానీ మొహాల దగ్గర దాని అర్థం వేరు. ఒకరి ముక్కు కాస్త పెద్దది, ఇంకొకరిది చప్పిడి, మరొకరి గడ్డం ముందుకొచ్చింది. ఇవన్నీ కలిపి ఒకటి చేస్తే ఎచ్చులు తగ్గి, మచ్చలు మాయమై, రెండు చెంపలూ సరిసమానమైన ఒక నున్నటి మొహం వస్తుంది. దీన్ని మొదట చూసిన ఫ్రాన్సిస్ గాల్టన్ అసలు అందం కోసం వెతకలేదు. నేరస్థుల మొహాల్లో ఏదో పోలిక ఉంటుందన్న అనుమానంతో, 1878 ప్రాంతంలో వాళ్ల ఫొటోలను ఒకే పలక మీద ఒకదానిపై ఒకటి వేసి చూశాడు. పరమ దుర్మార్గుడి మొహం తేలుతుందనుకుంటే, ఆ ఫొటోల్లోని మనుషుల కంటే చక్కటి మొహం తేలింది. నూరేళ్లు దాటాక, 1990లో, టెక్సాస్‌లో జుడిత్ లాంగ్లోయ్, లోరీ రాగ్‌మన్ కంప్యూటర్‌తో 32 మొహాల వరకూ కలిపి చూసి అదే మాట చెప్పారు.

రెండూ కలిపితే వివరణ పూర్తవుతుంది. నలుగురి ఫొటో చూడగానే కన్ను నాలుగు మొహాల సగటు కట్టుకుంటుంది. ఆ సగటు మొహం అందమైనది. అది మా చెల్లెలి మొహాన్ని తనవైపు లాక్కుంది. కత్తిరించగానే సగటు పోయింది, లాగే చెయ్యి పోయింది.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ ఈ వివరణకు కొన్ని చిక్కులున్నాయి, అవే నాకు ఎక్కువ ఇష్టం. మొహాలు ఎన్ని కలిస్తే సగటు అంత అందమైతే, పదహారు మంది మధ్య నిలబడ్డవాళ్లకు నలుగురి మధ్య నిలబడ్డవాళ్ల కంటే ఎక్కువ లాభం రావాలి. వాకర్, వుల్ స్వయంగా 4, 9, 16 మొహాలతో చూశారు. తేడా రాలేదు. ఫొటో మసకగా ఉంటే కన్ను సగటు మీద ఇంకా ఎక్కువగా ఆధారపడాలి కదా అని మసక చేసి చూశారు. అప్పుడూ లాభం పెరగలేదు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో డేనియల్ కారగర్ బృందం ఈ విషయాన్ని మళ్లీ తవ్వింది. గుంపులో అందం పెరగడం వాళ్లకూ కనిపించింది. ఆ మనిషి ఎడమ పక్క ఉన్నారా, కుడి పక్క ఉన్నారా అన్నదానితో లాభం మారలేదు. కానీ సగటు వివరణకు తమ ప్రయోగాల్లో దొరికిన ఆధారం కొంచెమేనని 2019లో రాశారు. జపాన్‌లో 2015లో మళ్లీ చేసిన ప్రయత్నాల్లో అయితే అసలు లాభమే కనిపించలేదు. ఫలితం చాలాచోట్ల నిలిచింది, కారణం ఇంకా తేలలేదు అనుకోవడమే న్యాయం.

ఇంకో చిన్న మెలిక. పక్కన ఎవరున్నారన్నదానికీ విలువుంది. 2019లోనే హావోజియాంగ్ యింగ్ బృందం చేసిన పనిలో, తనకంటే తక్కువ అందంగా ఉన్నవాళ్ల పక్కన నిలబడ్డవాళ్లకు ఎక్కువ లాభం కనిపించింది. అది సగటు చలవ కాదు, పోలిక చలవ. ఆ మాటకొస్తే మన పేరంటాల్లో ఎవరి పక్కన నిలబడాలో, ఎవరి పక్కన నిలబడకూడదో తెలిసిన అత్తయ్యలకు ఈ సంగతి కొత్తేమీ కాదు.

'గ్రూప్ అట్రాక్టివ్‌నెస్ ఎఫెక్ట్' అనే పేరు కూడా వినిపిస్తుంది. చాలామంది రెండూ ఒకటే అన్నట్టు వాడేస్తారు. నెదర్లాండ్స్‌లో వాన్ ఆష్ బృందం 2015లో ఆ పేరు పెట్టింది మాత్రం గుంపుకు మొత్తంగా పడే మార్కులకు. ముగ్గురికి విడివిడిగా పదికి 4, 5, 8 పడ్డాయనుకోండి. సగటు ఆరుకు కూడా రాదు. కానీ ముగ్గుర్నీ కలిపి చూపించి "ఈ జట్టు ఎంత అందంగా ఉంది?" అంటే ఆ సగటు కంటే ఎక్కువే వేస్తారు. కారణం, చూపు పదేపదే ఆ ఎనిమిది దగ్గరకే వెళ్లి ఆగుతుంది. అందులో నాలుగు మార్కుల మనిషికి దక్కిందేమిటో ఆ లెక్క చెప్పదు. విడి మనిషికి వచ్చే లాభం వేరు, జట్టుకు వచ్చే పేరు వేరు.

ఇక అసలు ప్రశ్న. లాభం ఎంత? వందమందిని అందం ప్రకారం వరసలో నిలబెట్టారనుకోండి. మీరు సరిగ్గా మధ్యలో, యాభయ్యో స్థానంలో ఉన్నారు. వాకర్, వుల్ లెక్క ప్రకారం, గుంపులో ఉన్నందువల్ల మీరు రెండు స్థానాలు ముందుకు జరుగుతారు. అంతే. ఒకే మొహానికి ఒకే మనిషి నిన్న ఇచ్చిన మార్కుకూ ఇవాళ ఇచ్చిన మార్కుకూ ఉండే తేడాలోనే ఇది మునిగిపోవచ్చు. అందుకే వాళ్లకు ముగ్గురేసి ఉన్న ఫొటోలు వంద కావలసి వచ్చాయి, చూసేవాళ్లు పదుల సంఖ్యలో కావలసి వచ్చారు. ఇంట్లో పాత ఫొటో తీసి పక్కవాళ్లను కాగితంతో కప్పి చూస్తే ఏదో తేడా కనిపించిందనుకోండి, అది దీనివల్లేనని ఎవరూ చెప్పలేరు.

అంటే మా పిన్నికి కనిపించిన తరుగుదల మొత్తాన్ని ఈ రెండు స్థానాల మీదకు నెట్టడం అన్యాయం. పెళ్లి పందిరి పోయింది, స్నేహితురాళ్ల సందడి పోయింది, భుజం మీద అతకని నాలుగు వేళ్లు మిగిలాయి. ఆ వేళ్ల వాటా రెండు స్థానాల కంటే ఎక్కువే ఉంటుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పవచ్చు. ఈ లాభం ఎంత చిన్నదైనా, పక్కవాళ్లు కళ్ల ముందు ఉన్నంతసేపే. గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించి పంపితే అది మీ వెంట రాదు. కత్తిరించకుండా పంపితే, "ఇందులో అమ్మాయి ఎవరండీ?" అని ఫోన్ వస్తుంది, ఆ అడగడంలో వేలు ఇంకొకరి మీద పడే ప్రమాదమూ ఉంది.

మా చెల్లెలి సంబంధం చివరికి ఎవరికీ నచ్చని ఆ స్టూడియో ఫొటోతోనే కుదిరింది.