అలెగ్రో అంటే ఎంత వేగం?

పియానో నేర్చుకునేవాళ్లకు పాఠం మొదట్లోనే, స్వరాల గీతలకు పైన ఎడమ మూలన, ఓ ఇటాలియన్ మాట కనిపిస్తుంది. అలెగ్రో అనో, అడాజియో అనో, అందాంతే అనో ఉంటుంది. టీచర్‌ని అడిగితే అలెగ్రో అంటే ఫాస్ట్, అడాజియో అంటే స్లో అని చెబుతారు. ఆ జవాబులో తప్పేమీ లేదు. అయితే పియానో ముందు కూర్చున్నాక అసలు ప్రశ్న మొదలవుతుంది: ఎంత ఫాస్ట్? ఎంత స్లో?

కర్ణాటక సంగీతం కొంత నేర్చుకుని ఇటు వచ్చిన పిల్లలకు ఇది మరీ చిక్కు. సరళీ వరసలు మూడు కాలాల్లో పాడేటప్పుడు తాళం కదలదు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. అంతా లెక్క ప్రకారం రెట్టింపు అవుతుంది. ఆ అలవాటుతో అడాజియోకు రెట్టింపు అలెగ్రో అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఈ మాటల మధ్య అలాంటి నిష్పత్తి ఏదీ లేదు, ఎందుకంటే అవి పుట్టింది వేగాన్ని కొలవడానికి కాదు.

17వ శతాబ్దంలో యూరప్ సంగీతానికి ఇటలీయే పెద్ద దిక్కు. ఆపెరా పుట్టింది అక్కడే. ఇటలీ వాళ్ల రచనలు అచ్చయి దేశదేశాలకు వెళ్లేవి, వాళ్ల వాద్యకారులు పరాయి దేశాల రాజాస్థానాల్లో కొలువు చేసేవాళ్లు. వాళ్లు తమ రచనల మీద రాసుకున్న మామూలు మాటలే అందరికీ అలవాటయ్యాయి. ఇటలీ వీధిలో అలెగ్రో అంటే ఉల్లాసంగా అని, అడాజియో అంటే తీరిగ్గా అని, అందాంతే అంటే నడుస్తూ అని, లార్గో అంటే విశాలంగా అని, ప్రెస్టో అంటే త్వరగా అని అర్థం. ప్రెస్టోను పక్కన పెడితే మిగిలినవన్నీ నడతనీ మనఃస్థితినీ చెప్పే మాటలే. వేగం వాటి వెంట వచ్చింది. రానురాను ఉల్లాసం వెనక్కి తగ్గి వేగమే మిగిలింది. జర్మన్ స్వరకర్త బీథోవెన్‌కు ఇది నచ్చేది కాదు. సంతోషంగా అని అర్థమిచ్చే అలెగ్రోను దానికి పూర్తిగా విరుద్ధమైన సంగీతం మీద కూడా రాస్తున్నామని 1817లో ఒక లేఖలో ఫిర్యాదు చేశాడు. ఆయన అయిదో సింఫనీ మొదటి భాగమే దీనికి సాక్ష్యం. దాని మీద అలెగ్రో కాన్ బ్రియో, అంటే ఉల్లాసంగా, ఉత్సాహంతో అని ఉంది. అందులో ఉల్లాసాన్ని వెతికితే దొరకదు.

మెయిల్‌జెల్ 1815లో మెట్రోనోమ్‌కు పేటెంట్ తీసుకున్నాక వేగానికి అంకె వచ్చింది. నిమిషానికి ఎన్ని టిక్కులో దాని మీద కనిపిస్తుంది. పాత మెట్రోనోమ్‌ల మీద ఆ అంకెల పక్కనే ఈ మాటలు కూడా అచ్చువేసి ఉంటాయి. అడాజియోకు 66 నుంచి 76, అందాంతేకు 76 నుంచి 108, అలెగ్రోకు 120 నుంచి 168, ఇలా. మీ దగ్గరున్న యాప్‌లోనో కీబోర్డులోనో ఇంకో రకంగా ఉండొచ్చు. ఈ పట్టికను దారి చూపే బోర్డుగా వాడుకోండి, సిలబస్‌గా కాదు. కారణం తెలియాలంటే ఒక రచనను దగ్గరగా చూడాలి.

బీథోవెన్ 1801లో రాసిన సొనాటా, ఓపస్ 27లో రెండోది, మూన్‌లైట్ సొనాటాగా పేరుపడింది. ఆ పేరు ఆయన పెట్టింది కాదు. మొదటి భాగం మీద అడాజియో సొస్టెనూటో అని ఉంటుంది. సొస్టెనూటో అంటే ధ్వనిని నిలబెడుతూ అని. చాలామంది ఈ రెండు మాటలే చదివి, వీలైనంత నెమ్మదిగా వాయించడం మొదలుపెడతారు. వాళ్లు చూడని గుర్తు ఒకటి ఆ పక్కనే ఉంది: ఇంగ్లిష్ ‘సి’ అక్షరం, దాన్ని నిలువుగా కోస్తూ ఒక గీత. అంటే ఈ బార్‌లో నాలుగు క్రాచెట్లు కాదు, రెండు మినిమ్‌లు లెక్కపెట్టాలి. తీరిగ్గా సాగాల్సింది ఆ మినిమ్. కిందనున్న చిన్న స్వరాలు తీరిగ్గా సాగాలని ఆయన చెప్పలేదు.

ఇప్పుడు పట్టికలోని 66ను మినిమ్‌కు పెట్టి చూడండి. ఒక్కో మినిమ్‌లో ఆరు చిన్న స్వరాలున్నాయి కనుక సెకనుకు ఆరుకు పైగా పరుగెడతాయి. అడాజియో గాలికి పోతుంది. అంటే పట్టిక ఇక్కడ పనికిరాలేదు. అటు క్రాచెట్‌కు 40 పెట్టుకుంటే ఒక్కో బార్‌కు ఆరు సెకన్లు పడుతుంది, 69 బార్‌ల భాగం ఏడు నిమిషాలకు కాస్త తక్కువలో ముగుస్తుంది. అప్పుడు ఏం చెడుతుందో చెవికి తెలుస్తుంది. పియానో తీగ మీద సుత్తి పడిన క్షణం నుంచి ధ్వని తగ్గుతూనే పోతుంది. పైనున్న రాగంలోని పొడవాటి స్వరం తర్వాతి స్వరం వచ్చేలోపే ఆరిపోతుంది. రాగం ముక్కలవుతుంది, నిలబెట్టమన్న సొస్టెనూటో ఆజ్ఞ నెరవేరదు. క్రాచెట్‌కు 60 పెట్టి, ఒక టిక్కు విడిచి ఒక టిక్కును బలంగా ఊహించుకుంటే బార్‌కు నాలుగు సెకన్లు, మొత్తం నాలుగున్నర నిమిషాలు. నాకు ఇదే సరిగ్గా నడుస్తుంది. 54 దగ్గర వాయించినా తప్పు పట్టను. రెండూ అడాజియోయే.

అదే సొనాటా మూడో భాగం ప్రెస్టో అజితాటో, త్వరగా, కలత చెందినట్టుగా. క్రాచెట్‌కు 160 పెడితే కుడి చెయ్యి సెకనుకు పది స్వరాలు దాటాలి. మొదటి భాగంలో సెకనుకు మూడే. నేర్చుకునేవాళ్లు ఇక్కడ చేసే పొరపాటు సులువైన తొలి బార్‌తో వేగాన్ని నిర్ణయించుకోవడం. పేజీ తిప్పగానే కష్టమైన బార్ ఎదురై చేతులు తడబడతాయి, వేగం దానంతటదే జారిపోతుంది. ముందుగా ఆ భాగంలో అన్నిటికన్నా కష్టమైన రెండు బార్‌లు వెతికి, అవి సమంగా పలికే అంకె చూసుకుని, అక్కడినుంచి మొదలుపెట్టాలి. ఆఖర్లో, ఇంత ఉధృతి మధ్యలో, రెండే రెండు బార్‌ల మీద అడాజియో అని ఉంటుంది, వెంటనే టెంపో ప్రీమో అని, అంటే మొదటి వేగానికి తిరిగి రమ్మని. ఒకే పేజీలో అన్ని మాటలూ ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికే ఉన్నాయని అక్కడ తెలుస్తుంది.

తోక మాటలు త్వరగా చెప్పేస్తాను. మోల్టో అంటే బాగా, పోకో అంటే కొంచెం, మా నాన్ ట్రోప్పో అంటే మరీ ఎక్కువ కాకుండా. చివర ‘ఎట్టో’ చేరితే మాట పలచబడుతుంది: అలెగ్రెట్టో అలెగ్రో అంత వేగం కాదు, లార్గెట్టో లార్గో అంత నెమ్మది కాదు. ‘ఇస్సిమో’ చేరితే ముదురుతుంది, ప్రెస్టిస్సిమో ప్రెస్టోను మించింది. ఒక్క అందాంతినో మాత్రం ఎవరికీ తేలని మాట. అందాంతే కన్నా కాస్త వేగమా, కాస్త నెమ్మదా అని స్వరకర్తలే చెరో పక్క నిలబడ్డారు. అక్కడ తీర్పు మీ చెవిదే.

కొత్త పాఠం తెరిచినప్పుడు వరుస ఇలా పెట్టుకోండి. ఇటాలియన్ మాట చదవండి, వెంటనే టైమ్ సిగ్నేచర్ చూసి ఏ స్వరాన్ని లెక్కపెట్టాలో తేల్చుకోండి, ఆ పైన రాగాన్ని గొంతుతో పాడండి. ఒక వాక్యం ఊపిరి ఆపకుండా పాడగలిగే వేగం దొరికాక, అప్పుడు మెట్రోనోమ్ తీసి అది ఎంతో చూసి పెన్సిల్‌తో రాసుకోండి.